చుక్క ఆగకూడదు

వందనకు హీరోయిన్ల నగల మీద ఎన్నడూ కన్ను పడలేదు. చీరల మీద అసలే పడలేదు. వాటిని రోజూ ఇస్త్రీ చేసేది తనే, లోపలి చిరుగులూ పిన్నులూ తెలిసింది తనకే. ఆమె కుళ్లుకున్నది వేరే దానికి. షాట్ అయిపోగానే హీరోయిన్ కుర్చీలోంచి లేచి, ఒక్కసారైనా వెనక్కి తిరిగి ఆ కుర్చీ వంక చూడకుండా నడిచి వెళ్లిపోతుంది కదా, దానికి.

ఆ మాటకొస్తే ఆడవాళ్లందరూ అలాగే లేస్తారు. మేకప్ అమ్మాయి లేస్తుంది, డాన్స్ పిల్లలు లేస్తారు, టిఫిన్ల దగ్గరుండే ముసలమ్మ కూడా మోకాళ్లు పట్టుకుని మూలుగుతూ లేస్తుంది. ఎవరూ వెనక్కి చూసుకోరు. అందుకని వందనకు అందరి మీదా అసూయే. ఇంత మంది మీద ఒక్క మనిషి కుళ్లుకోవడం మామూలు పని కాదు, దానికీ ఓపిక కావాలి. ఏడేళ్లుగా ఆమె ఆ ఓపిక పట్టింది.

ఆమెకు ముప్పై ఒకటి. ఫిలింనగర్ బస్తీలో మూడు గదుల ఇల్లు. మొగుడు జగదీశ్ షూటింగ్ సామాను మోసే వ్యాన్ నడుపుతాడు. వందన కాస్ట్యూమ్స్‌లో పని చేస్తుంది. అక్కడి పెద్ద సుబ్బరామయ్య తెనాలి వైపు మనిషి, నోరు పెద్దది, మనసు మెత్తన. "ఏంటమ్మాయ్, పొద్దుట్నుంచీ నుంచునే ఉన్నావు, ఆ స్టూలు నీకు శత్రువా?" అని వారానికి ఒకసారైనా అడిగేవాడు. "కూసుంటే నిద్ర వస్తది సార్" అని నవ్వేసేది. ఆయన నమ్మేవాడు. మగవాళ్లు చాలా సంగతులు అలాగే నమ్ముతారు.

అసలు సంగతి ఏమిటంటే ఆమెకు మూత్రం ఆగదు. దగ్గితేనో తుమ్మితేనో పడే రెండు చుక్కల మాట కాదు. పగలూ రాత్రీ, నిలుచున్నా పడుకున్నా, కారుతూనే ఉంటుంది. బాత్రూముకు వెళ్లాలన్న తలపే పుట్టదు, లోపల నిలిస్తే కదా పుట్టడానికి. మిగిలిపోయిన లైనింగ్ గుడ్డలు మడతలు పెట్టి కుట్టుకుని, మీద ప్లాస్టిక్ కవరు, ఆ మీద నల్ల పెట్టికోటు వేసుకునేది. పొద్దున ఇంట్లో గుటకెడు చాయ్ తాగిందంటే ప్యాకప్ చెప్పేదాకా నీళ్లు ముట్టదు. తాగకపోతే కారదని ఆమె నమ్మకం. కారడం తగ్గలేదు సరికదా, చిక్కబడి వాసన పెరిగింది, తొడలు ఒరుసుకుపోయి మండేవి. ఆ వాసనకు దుస్తుల మీద కొట్టే సెంటే మందు.

ఇదంతా తొలి కాన్పుతో వచ్చింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలని అచ్చంపేట అవతలి ఊరికి పంపారు. నొప్పులు మొదలైన రోజు అందరూ సంతోషించారు. రెండో రోజు ఊళ్లో సూదులు వేసే డాక్టరు వచ్చి, నొప్పులు పెరగడానికని ఇంజెక్షన్ ఇచ్చాడు. నొప్పులు పెరిగాయి, తల మాత్రం దిగలేదు. మనిషి పొట్టిది, ఎముకల దారి ఇరుకు, బిడ్డ తల పెద్దది; ఎన్ని సూదులేస్తే మాత్రం ఎముక సాగుతుందా? మూడో రోజు ట్రాక్టర్‌లో వేసుకుని పట్నం దవాఖానకు తీసుకుపోయేసరికి బిడ్డ లోపలే చనిపోయాడు. మగబిడ్డ. ఇంటికొచ్చిన వారానికి పక్క తడిసింది. పచ్చి బాలింతకు మామూలే అన్నారు. నెల తర్వాత నీరసం అన్నారు. ఏడాది తర్వాత ఇక ఎవరూ ఏమీ అనలేదు, ముక్కు మాత్రం పక్కకు తిప్పుకునేవారు. జగదీశ్ ఆమెను వదిలేయలేదు. అయితే చాప తీసుకుని ముందుగదిలోకి మారాడు, మారి అక్కడే ఉండిపోయాడు. వదిలేయకపోవడమే గొప్పని అత్త అనసూయమ్మ పదిమందిలో చెప్పేది.

అలాంటి ఇంటికి తోటికోడలుగా వచ్చింది స్ఫూర్తి. మరిది అరవింద్ భార్య. పుట్టిల్లు మధురానగర్, అంటే ఆటో ఎక్కి కూర్చుంటే పాట పూర్తి కాకముందే వచ్చేస్తుంది. స్ఫూర్తి మంచిదే. నిజానికి ఆమెలో పేరు పెట్టడానికి ఏమీ లేకపోవడమే వందన బాధ. చెడ్డదైతే ద్వేషించి ఊరుకోవచ్చు. మంచిదాని మీద అసూయపడితే ఆ పాపం కూడా మన నెత్తినే. స్ఫూర్తి మంచం మీద బోర్లా పడుకుని ఫోన్ చూస్తుంది. తడి జుట్టుతో దుప్పటి తడిపి, "అయ్యో, గీ దుప్పటి తడిసిందే" అంటుంది. ఆ ఒక్క మాటకు వందన వంటింట్లో గిన్నెలు మామూలుకన్నా గట్టిగా తోమేది.

ఏడాది తిరక్కుండా స్ఫూర్తి కడుపుతో ఉంది.

తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. మగవాళ్లిద్దరూ పనికి పోయారు. పూర్వపు బుద్ధి ఎక్కడికి పోతుంది, అనసూయమ్మ మధ్యాహ్నానికి కూడా కదల్లేదు. "తొలి కాన్పు, రేపటిదాక పడ్తది. ఇప్పుడే పోతే వాళ్లు కోసి పెడ్తరు. నేను జగదీశును రెండు దినాలు నొప్పులు పడి కనలేదా?" అంది.

వందన గుమ్మంలో నిలబడి ఉంది. స్ఫూర్తి గోడకు నుదురు ఆనించి మూలుగుతోంది. అప్పుడు వందన మనసులోకి ఒక మాట వచ్చింది. అబద్ధం చెప్పడం ఎందుకు, వచ్చింది: పడనీ, ఒక్క రాత్రి పడనీ, తెలుస్తది. ఆ మాటను ఆమె వెంటనే తరిమేయలేదు కూడా. నోరు మూసుకుని, చల్లారిన చాయ్ చివరిదాకా తాగింది.

స్ఫూర్తి మళ్లీ మూలిగింది. ఆ మూలుగు వందనకు తెలిసినదే. రెండో రోజు సాయంత్రం తన గొంతులోంచి వచ్చినది అదే. గ్లాసు కింద పెట్టి జగదీశ్‌కు ఫోన్ చేసింది. "సామాను యాడనన్న దించెయ్. వ్యాన్ ఇంటికాడికి తే."

"షూటింగ్ మధ్యల ఉన్న, ఎట్లొస్త?"

"అప్పుడు నన్ను ట్రాక్టర్ల వేసినరు. యాదికున్నదా?"

వ్యాన్ అరగంటలో వచ్చింది.

షేక్‌పేటలో ఒక ట్రస్టు ఆసుపత్రి ఉంది. అక్కడ డాక్టర్ శ్యామలాదేవి, అరవై దగ్గర పడిన మనిషి, కాకినాడ మాట. స్ఫూర్తిని పడుకోబెట్టగానే ఒక పెద్ద కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టారు. బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది, నొప్పులు ఎన్ని, దారి ఎంత తెరుచుకుంది, తల ఎంత దిగింది, అన్నీ వేళ ప్రకారం అందులో చుక్కలుగా పెడుతున్నారు. సాయంత్రం ఏడింటికి డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని బయటికొచ్చి అనసూయమ్మకు చూపించింది. "ఇదిగోండమ్మా, నొప్పులు బాగానే ఉన్నాయి. కానీ నాలుగు గంటలుగా దారి తెరుచుకోవట్లేదు, తల దిగట్లేదు. చుక్క ఈ గీత దాటిందంటే ఇక ఎదురుచూడకూడదు. ఆపరేషన్ చేసేస్తాను."

"ఇంకో పూట సూడొచ్చు కదమ్మా" అంది అనసూయమ్మ.

"ఆ పూటలోనేనండీ మనుషులు పాడైపోయేది" అని ఆవిడ లోపలికి వెళ్లిపోయింది.

ముప్పావు గంటకు ఆడపిల్ల ఏడుపు వినిపించింది. అనసూయమ్మ చేతులు జోడించింది. పని నుంచి పరుగెత్తుకొచ్చిన అరవింద్ గోడకు తల ఆనించి నవ్వాడు. వందన ఏడ్చింది, భోరున ఏడ్చింది. పాపను చూసిన సంబరమనుకుని అత్త భుజం తట్టింది. సంబరం కాదు. ఆ కాగితం మీద గీత తన కోసం ఎవరూ గీయలేదు, తన కోసం వ్యాన్ ఎవరూ పిలవలేదు. ఒక్క పూట తేడా. ఒకతికి ఒళ్లో పిల్ల, ఇంకొకతికి ఏడేళ్ల తడి గుడ్డలు. ఆ పసిదాని ఏడుపు మీద కూడా ఆమెకు అసూయ పుట్టింది. మనిషి ఇంతకన్నా దిగజారుతుందా అని తనమీద తనకే రోత వేసింది, అయినా అసూయ పోలేదు.

ఐదు గంటలు గోడకు ఆనుకుని నిలబడే ఉంది. ఆమె కాళ్ల దగ్గర నేల తడిసింది. డాక్టరమ్మ బయటికొచ్చి ఆ తడిని చూసింది, చూడనట్టే "నువ్వేనా పెద్ద కోడలివి? ఒక సంతకం కావాలి, రామ్మా" అని గదిలోకి పిలిచి తలుపు వేసింది.

"ఎన్నాళ్లయిందమ్మా?"

"ఏంది మేడమ్?"

"కారడం."

 ఏడేళ్లలో ఆ మాట ఎవరూ సూటిగా అడగలేదు. ఎవరూ అడగని మాటకు జవాబు సిద్ధం చేసి పెట్టుకోదు కదా మనిషి, తడబడింది. చివరికి చెప్పింది, పుట్టింటి నుంచి, మూడు రోజుల నుంచి, వారం తర్వాత తడిసిన పక్క నుంచి.

డాక్టరమ్మ కుర్చీ చూపించి "కూర్చో. పర్లేదు, తుడుస్తారు" అంది. వందన కూర్చోలేదు. అప్పుడు ఆవిడ కూడా లేచి నిలబడే చెప్పింది. "బిడ్డ తల రెండు రోజులు ఒకే చోట ఇరుక్కుపోయింది. అటు తల, ఇటు నీ ఎముక, మధ్యలో మూత్రసంచి గోడ నలిగిపోయింది. రక్తం ఆడక అక్కడి కండ చచ్చిపోయింది. చచ్చిన కండ వారం పది రోజులకు ఊడిపోయి అక్కడ కన్నం పడింది. మూత్రసంచికీ, బిడ్డ వచ్చే దారికీ మధ్య. దాన్ని ఫిస్టులా అంటారు. నీరసం కాదు, ఎవరి శాపమూ కాదు. కుట్టొచ్చు."

"కుట్టొచ్చా?"

"చిరిగిన బట్ట కుట్టగలవు కదా నువ్వు. ఒళ్లు కూడా అంతే, కాస్త కష్టం. అప్పుడే వచ్చి ఉంటే, చిన్నదైతే, నాలుగు వారాలు గొట్టం పెట్టి ఉంచినా దానంతటదే మూసుకునేదేమో. నీకెవరూ చెప్పలేదా?"

"పట్నం దవాఖానల పంపేటప్పుడు మూడు నెల్లకు సూపిచ్చుకోను రమ్మన్నరు మేడమ్. ఎవ్వరు తీస్కపోలే. నేను గూడ సిగ్గుతోని పోలే."

తర్వాతి వారమే పరీక్ష చేశారు. సన్నని గొట్టంతో మూత్రసంచిలోకి నీలం రంగు నీళ్లు ఎక్కించారు. కింద దారిలో ఒకదాని మీద ఒకటి మూడు దూది ఉండలు పెట్టి, కాసేపు అటూ ఇటూ నడవమన్నారు. తీసి చూస్తే మధ్యలో ఉన్న ఉండ నీలమైంది. కన్నం ఎక్కడుందో దొరికింది. వందన ఆ నీలం దూది వంక చాలాసేపు చూసింది. తన కష్టాన్ని అలా చేతితో పట్టుకోవచ్చని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. డాక్టరమ్మ ముందు తొడల పుండ్లు మాన్పింది, జ్వరంలేని ఇన్ఫెక్షన్ ఒకటి ఉంటే దానికి మందులిచ్చింది, నీళ్లు ఎక్కువ తాగడం నేర్పింది. ఆరు వారాలు గడిచాక వెన్నులో సూదిమందు ఇచ్చి, కింది దారిలోంచే ఆపరేషన్ చేసింది. కన్నం చుట్టూ కండను విడదీసి, మూత్రసంచిని వేరుగా, దారిని వేరుగా కుట్టింది. ఖర్చు ట్రస్టుది.

ఆపరేషన్ అయ్యాక మూత్రసంచిలో గొట్టం పెట్టారు. అది బయట ఒక ప్లాస్టిక్ సంచిలోకి దిగుతుంది. ఐదో రోజు ఇంటికి పంపుతూ డాక్టరమ్మ వేలు చూపించి మరీ చెప్పింది. "పద్నాలుగు రోజులు. నా కుట్టు సంగతి నేను చూసుకున్నాను, ఇక నీ సంగతి. గొట్టంలో చుక్క పడుతూనే ఉండాలి, ఆగకూడదు. ఆగిందంటే లోపల నిండుతుంది, నిండితే మూత్రసంచి ఉబ్బి కుట్టు తెగుతుంది. గొట్టం మడత పడకూడదు. ఈ బయటి సంచి ఎప్పుడూ కిందే ఉండాలి. నీళ్లు బాగా తాగు. బరువులెత్తకు, తిరగకు. ఆరు నెలలు మొగుడి దగ్గరికి పోకు. మళ్లీ కడుపొస్తే మొదటి నెలనుంచే ఆసుపత్రికి, కాన్పు ఆపరేషన్‌తోనే. తెలిసిందా?"

తెలిసింది. ఇంట్లో మంచం మీద పడుకుని, గంటకోసారి సంచి వంక చూస్తూ, పక్క తడుముకుని చూసుకునేది. పొడిగా ఉండేది. మళ్లీ తడుముకునేది. ఇంటెడు చాకిరీ అనసూయమ్మ మీద పడి ఆవిడ గొణిగింది. జగదీశ్ ఒకరోజు ముందుగదిలోంచి వచ్చి, మంచం కోడు దగ్గర కూర్చుని, "తక్లీఫ్ అయితుందా?" అని అడిగాడు. ఏడేళ్లకు ఒక మాట. అది కూడా ఆమెకు సగమే సంతోషం. తడిగా ఉన్నప్పుడు ఎందుకు అడగలేదు?

సరిగ్గా పదో రోజున స్ఫూర్తి కూతురిని తొట్టెల వేసే వేడుక వచ్చింది. మధురానగర్‌లో చిన్న హాలు, పుట్టింటి వాళ్లు పెట్టుకున్నారు. పొద్దున్నే అందరూ ముస్తాబవుతుంటే స్ఫూర్తి వచ్చి, "అక్కా, నువ్వు ఇంట్లనే ఉండు. డాక్టర్ తిరగద్దన్నది కదా. నీకు ఫోటోలు పంపుత" అంది.

మంచి మాటే. కానీ వందన చెవికి అది పాత మాటలాగే వినిపించింది. ఏడేళ్లుగా ఏ పెళ్లికైనా, ఏ బారసాలకైనా "వందన ఇంటికాడ ఉంటది" అనే కదా అందరూ అన్నది. నువ్వు తడిగా ఉన్నప్పుడూ రావొద్దు, పొడిగా ఉన్నప్పుడూ రావొద్దు. తొట్టెలలో పిల్లను వేయాల్సింది పెద్దమ్మ అయిన తను. ఇప్పుడు స్ఫూర్తి చెల్లెలు వేస్తుందట. అందరూ ఆటోలెక్కి వెళ్లిపోయాక ఆమె పది నిమిషాలు పడుకుని చూసింది. పడుకోబుద్ధి కాలేదు. అసూయ పట్టిన మనిషిని మంచానికి కట్టేసినా ఆగదు.

ట్రంకు పెట్టెలోంచి మెరూన్ పట్టుచీర తీసింది. పెళ్లినాటిది. ఏడేళ్లు కట్టలేదు, పట్టు తడికి పాడవుతుందని.

ఇక ఇక్కడే ఆమె పనితనం ఆమెను ముంచింది. గొట్టం కనిపించకూడదు, సంచి వేలాడకూడదు. సినిమా వాళ్లకు ఇది చిటికెలో పని. హీరోయిన్‌కు కాలర్ మైకు పెట్టేటప్పుడు వైరు వేలాడకుండా, లాగినా ఊడకుండా రెండు మెలికలు తిప్పి, ఆ మెలికల మీద గుడ్డ టేపు గట్టిగా అంటించి, మైకు డబ్బాను నడుముకో తొడకో పట్టీతో కట్టేస్తారు. కెమెరా ఎంత దగ్గరికొచ్చినా కనపడదు. వందన వెయ్యిసార్లు చేసింది. ఇప్పుడూ అదే చేసింది. గొట్టాన్ని తొడ దగ్గర రెండు మెలికలు తిప్పి టేపు వేసింది, సంచిని పట్టీతో బిగించింది, మీద చీర కుచ్చిళ్లు దించింది. అద్దంలో చూసుకుంది. ఎవరూ ఏమీ కనిపెట్టలేరు. వైరులో పారేది కరెంటు, మెలిక తిప్పినా పారుతుంది. గొట్టంలో పారేది నీళ్లు. ఆ తేడా ఆమె చేతులకు తట్టలేదు.

హాల్లోకి అడుగుపెట్టగానే అందరూ చూశారు. అనసూయమ్మ ముఖం మాడ్చుకుంది. వందన నేరుగా వెళ్లి, ముందు వరసలో ఎర్ర గుడ్డ కట్టిన కుర్చీలో కూర్చుంది. వెన్ను ఆనించి కూర్చుంది. డాక్టరమ్మ చెప్పిన మాట ప్రకారం నీళ్లు కూడా బాగా తాగింది. మూడు గ్లాసులు, ఒక మజ్జిగ. పక్కనున్నావిడ ముక్కు తిప్పుకోలేదు. ఆ గంటసేపు ఆమె లోకంలో ఎవరి మీదా అసూయపడలేదు.

తర్వాత తొట్టెలలో పిల్లను స్ఫూర్తి చెల్లెలే వేసింది. ఆడవాళ్లు పాట అందుకున్నారు. వందన పెదవి కొరుక్కుంది. పొత్తికడుపులో సన్నగా నొప్పి మొదలైంది. అసూయతో వచ్చిన కడుపుమంటే అనుకుని పట్టించుకోలేదు. మరో గంటకు నొప్పి బరువెక్కింది. ముఖమంతా చెమట. లేవబోయి మళ్లీ కుర్చీలో కూలబడింది.

చూసింది స్ఫూర్తే. పిల్లను చెల్లెలి చేతిలో పెట్టి వచ్చి, వందన చేయి పట్టుకుని పక్కగదిలోకి తీసుకెళ్లి గడియ పెట్టింది.

"సంచి సూడనీ అక్కా."

"ఏం లేదు. నువ్వు నీ బిడ్డకాడికి పో."

"సూడనీ అంటున్న."

చీర పైకి తీసింది. సంచి చప్పిడిగా, పొద్దున ఎంత ఉందో అంతే ఉంది. మూడు గంటలు. "నాకు ఆపరేషన్ అయినంక ఒక్క దినం పెట్టిన్రు గొట్టం. సిస్టరమ్మ వచ్చినప్పుడల్ల నిండిందా లేదా అని చూసేది. ఇదేంది గిట్ల మెలికలు దిప్పినవ్?" అంటూ స్ఫూర్తి టేపు పట్టుకుని చర్రున లాగింది. మెలికలు విడిపోయాయి. ఒక్కసారిగా సంచిలోకి దూకింది నీరు, పసుపురంగులో కొంచెం గులాబీ కలిసినట్టు. నొప్పి దిగింది. కానీ వందన చూస్తున్నది సంచి వంక కాదు. పెట్టికోటు మీద అరచేయంత తడి.

"పోయింది" అంది. "తెగిపోయింది స్ఫూర్తీ."

స్ఫూర్తి గడియ తీసింది. హాల్లో పిలిచిన చుట్టాలుండగా, తన కూతురి వేడుకలోంచి తనే లేచి, ఆటో ఎక్కించుకుని షేక్‌పేట బయలుదేరింది. దారిలో వందనకు ఆ తడి తప్ప ఇంకేదీ తలకెక్కలేదు. అన్నీ పోయినప్పుడు దాచుకోవడానికేం మిగులుతుంది? చెప్పేసింది.

"నీ నొప్పులప్పుడు నేను జర సేపు ఊకున్న. నీకు గూడ నా లెక్కనే కావాలె అనుకున్న. చాయ్ తాగుకుంట నిలవడ్డ."

ఆటో ఫ్లైఓవర్ ఎక్కింది. స్ఫూర్తి అప్పటిదాకా వందన మోకాలి మీద పెట్టిన చేయి తీసేసుకుంది. ఆసుపత్రి వచ్చేదాకా బయటికి చూస్తూ కూర్చుంది.  లోపల మాత్రం జరిగిందంతా డాక్టరమ్మకు తనే చెప్పింది, మెలికలు, టేపు, మూడు గంటలు, తడి. 

డాక్టరమ్మ తిట్టింది. పరీక్షగా చూసి, మళ్లీ తిట్టి, తర్వాత గొంతు తగ్గించింది. "ఆ తడి గొట్టం పక్కనుంచి వచ్చిందో, కుట్టులోంచి వచ్చిందో ఇప్పుడు చెప్పలేను. పొడిచి చూస్తే ఉన్న కుట్టు కూడా పోతుంది. ఇంకో పదకొండు రోజులు ఇక్కడే ఉంటావు, గొట్టంతో. ఆ తర్వాత నీలం నీళ్లు ఎక్కించి చూద్దాం."

"తెగితే మేడమ్?"

"మూడు నెలలు ఆగి మళ్లీ కుడతాను. కానీ మొదటి కుట్టే మంచి కుట్టమ్మా. తర్వాతివి కష్టం."

ఆ పదకొండు రోజులూ స్ఫూర్తి మాట్లాడలేదు. వచ్చేది. పిల్లను అత్తకు అప్పజెప్పి రోజూ మధ్యాహ్నం వచ్చి, అన్నం గిన్నె పెట్టి, నీళ్ల సీసా నింపి బల్ల మీద టక్కున పెట్టి, సంచి వంక ఒక చూపు చూసి వెళ్లిపోయేది. వందన ఆ సీసా మొత్తం తాగేది. ఒక మనిషికి అంత కోపం ఉండి కూడా రావడం చేతనవుతుందే అని, దాని మీదా ఆమెకు కొంచెం అసూయే.

ఇరవై ఒకటో రోజు నీలం నీళ్లు ఎక్కించారు. మూడు దూది ఉండలు పెట్టి, నడవమన్నారు. వందన వార్డు ఈ చివరి నుంచి ఆ చివరికి పన్నెండు సార్లు నడిచింది. డాక్టరమ్మ కింది ఉండ తీసింది. తెలుపు. మధ్యది తీసింది. తెలుపు. పైది తీసి వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, వందన చేతిలో పెట్టింది. "నిలబడింది. ఎలా నిలబడిందో నన్నడక్కు."

గొట్టం తీసేశారు. ఏడేళ్లు ఖాళీగా ఉండి మూత్రసంచి ముడుచుకుపోయిందనీ, మొదట్లో గంటకోసారి వస్తుందనీ, మెల్లగా అదే సాగుతుందనీ చెప్పారు. పోయగలుగుతోందా, లోపల మిగులుతోందా అని సాయంత్రం దాకా చూసి పంపారు.

మర్నాడు పొద్దున ఇంట్లో మామూలు హడావుడి. ఐదుగురికీ ఒకటే బాత్రూము. స్ఫూర్తి లోపల ఉంది, పిల్ల గుడ్డలు పిండుతోంది. వందన తలుపు ముందుకొచ్చి నిలబడింది. కాళ్లు దగ్గరికి పెట్టుకుంది. తలుపు మీద కొట్టింది.

లోపల పంపు చప్పుడు.  మళ్లీ కొట్టింది, ఈసారి అరచేత్తో.

"స్ఫూర్తీ, బయటికి రా. నాకు వస్తుంది."

పంపు ఆగింది. పదకొండు రోజుల తర్వాత ఆ గొంతు వినిపించింది, విసుగ్గా, ఏ ఇంట్లోనైనా ఏ తోటికోడలైనా అనే లాగే. "ఏంది అక్కా పొద్దుపొద్దున. సబ్బు మీదుంది. రెండు నిమిషాలు ఆపుకో జర."

వందన తలుపుకు నుదురు ఆనించింది.

"ఆపుకుంటున్న" అంది.